‘డిస్కస్’ పక్కకు ‘అబౌట్’ ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: నేను ఎంఏ చదువుతున్నాను. వ్యాసాల్లో డిస్కస్ అబౌట్, ఎంఫసైజ్ ఆన్, కోప్ అప్ విత్ అని రాసిన ప్రతిచోటా మా ప్రొఫెసర్ ఎర్ర గీత పెడుతున్నారు. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాస్తున్నానని అంటారు. భయపడి ప్రిపొజిషన్లు తీసేయడం మొదలుపెడితే, ఈసారి ‘కామెంట్ దీజ్ ఫైండింగ్స్’ కింద గీత పడింది. జాబితాలు బట్టీ పట్టాను, రాసేటప్పుడు ఒక్కటీ గుర్తుకు రాదు. ఏది ఉంచాలో ఏది తీసేయాలో తెలుసుకునే దారి ఏదైనా ఉందా? నా పేరా ఒకటి రాస్తున్నాను, దిద్ది చూపించగలరా?

“దిస్ ఎస్సే డిస్కసెస్ అబౌట్ ద కాజెస్ ఆఫ్ ఎగ్జామ్ స్ట్రెస్. మెనీ రీసెర్చర్స్ ఎంఫసైజ్ ఆన్ ద రోల్ ఆఫ్ స్లీప్. స్టూడెంట్స్ హూ కెనాట్ కోప్ అప్ విత్ ద వర్క్‌లోడ్ రిక్వెస్ట్ ఫర్ ఎక్స్‌ట్రా టైమ్. ద ఫ్యాక్టర్స్ దట్ దీజ్ రీసెర్చర్స్ డిస్కస్ అబౌట్ ఆర్ రిలేటెడ్. ఐ విల్ కామెంట్ దీజ్ ఫైండింగ్స్ ఇన్ ద లాస్ట్ సెక్షన్.”

— ఒక విద్యార్థిని

జవాబు: మీ ప్రొఫెసర్ గారి గీతలన్నీ సరైన చోటే పడ్డాయి. ఆయన చెప్పిన కారణంలో మాత్రం నాకు సగమే నిజం కనిపిస్తోంది. ఆ మిగతా సగం తెలిస్తే మీకు జాబితాలతో పని ఉండదు కాబట్టి ముందు అక్కడికే వెళ్దాం.

తెలుగులో మనం ‘సమస్య గురించి చర్చించారు’ అంటాం, నిజమే. కానీ ‘సమస్యను చర్చించారు’ అని కూడా అంతే సహజంగా అంటాం. ‘నొక్కి చెప్పడం’ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. ‘నిద్ర పాత్రను నొక్కి చెప్పారు’ అని రాస్తాం కానీ ‘నిద్ర పాత్ర మీద నొక్కి చెప్పారు’ అని రాయం. అంటే మీరు నిజంగా తెలుగులో ఆలోచించి ఉంటే, ‘ఎంఫసైజ్’ తర్వాత ‘ఆన్’ రావాల్సిన పనే లేదు. తెలుగు ఒక్క ముక్క రాని వాళ్ళు, నైజీరియాలోనూ కెన్యాలోనూ సింగపూర్‌లోనూ ఇంగ్లీషు వాడేవాళ్ళు కూడా ‘డిస్కస్ అబౌట్’ అంటారు. ఇన్ని భాషల వాళ్ళు ఒకే చోట తడబడుతున్నారంటే, ఆ తడబాటుకు మూలం ఇంగ్లీషులోనే ఉండాలి.

ఉంది కూడా. ఇంగ్లీషులో నామవాచకం తన పక్కన మరో నామవాచకాన్ని కర్మగా నేరుగా పెట్టుకోలేదు. మధ్యలో ఒక ప్రిపొజిషన్ కావాలి. సకర్మక క్రియకు ఆ అవసరం లేదు, కర్మ నేరుగా పక్కకు వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడు ‘ఎంఫసిస్’, ‘ఎంఫసైజ్’ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది నామవాచకం, దానికి ‘ఆన్’ తప్పనిసరి: ‘దేర్ ఈజ్ ఎ స్ట్రాంగ్ ఎంఫసిస్ ఆన్ స్లీప్’. రెండోది క్రియ, దానికి ఏమీ అక్కర్లేదు: ‘దే ఎంఫసైజ్ స్లీప్’. చదివే పుస్తకాల్లో ‘ఎంఫసిస్ ఆన్’ మళ్ళీ మళ్ళీ కనిపించి చెవిలో నాటుకుపోతుంది. క్రియ రాసేటప్పుడు ఆ ‘ఆన్’ దానికి కూడా అంటుకుంటుంది.

‘డిస్కషన్’ సంగతీ అంతే. ‘ఎ డిస్కషన్ అబౌట్ ద కాజెస్’, ‘ఎ డిస్కషన్ ఆఫ్ ద కాజెస్’ రెండూ ఒప్పే. క్రియ దగ్గరికి వచ్చేసరికి ‘డిస్కస్ ద కాజెస్’ మాత్రమే. ‘రిక్వెస్ట్’ లాంటి మాటలు ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడతాయి, ఎందుకంటే అక్కడ నామవాచకానికీ క్రియకూ రూపం ఒక్కటే. ‘ఎ రిక్వెస్ట్ ఫర్ ఎక్స్‌ట్రా టైమ్’ అన్నప్పుడు అది నామవాచకం, ‘ఫర్’ ఉండాలి. ‘దే రిక్వెస్ట్ ఎక్స్‌ట్రా టైమ్’ అన్నప్పుడు క్రియ, ‘ఫర్’ ఉండకూడదు. డిమాండ్, ఇన్‌ఫ్లుయెన్స్, యాక్సెస్, అప్రోచ్, ఆన్సర్, ల్యాక్ ఇవన్నీ ఇదే దారిలో నడుస్తాయి. నామవాచకాలుగా ఉన్నప్పుడు డిమాండ్ ఫర్, ఇన్‌ఫ్లుయెన్స్ ఆన్, యాక్సెస్ టు, అప్రోచ్ టు, ఆన్సర్ టు, ల్యాక్ ఆఫ్. క్రియలుగా మారగానే ఆ చిన్నమాటలన్నీ రాలిపోతాయి.

మీరు బట్టీ పట్టిన జాబితాలు నిలవకపోవడానికి కారణం కూడా ఇదే అయి ఉంటుంది. అలాంటి జాబితాలు చాలావరకు నామవాచకాన్నీ క్రియనూ వేరు చేయవు. ‘రిక్వెస్ట్ ఫర్ తప్పు’ అని ఒకచోట చదువుతారు, ఆ సాయంత్రమే మంచి వ్యాసంలో ‘ఎ రిక్వెస్ట్ ఫర్ డేటా’ కనిపిస్తుంది. రెండింట్లో ఏది నమ్మాలో తెలియక మనసు రెంటినీ వదిలేస్తుంది.

రెండో కారణం ఒకటుంది. అర్థంలో దగ్గరగా ఉన్న క్రియలు వ్యాకరణంలో దగ్గరగా ఉండవు. ‘టాక్’కి ‘అబౌట్’ కావాలి, ‘డిస్కస్’కి అక్కర్లేదు. ‘ఫోకస్’కి ‘ఆన్’ కావాలి, ‘ఎంఫసైజ్’కి అక్కర్లేదు. ‘ఆస్క్ ఫర్ టైమ్’ అనాలి, ‘రిక్వెస్ట్ టైమ్’ అనాలి. ‘కన్సిస్ట్ ఆఫ్’ అనాలి, ‘కంప్రైజ్’ తర్వాత ‘ఆఫ్’ రాకూడదు. అందుకే ‘ఫలానా దాని గురించి అనే అర్థం ఉంది కదా, అబౌట్ ఉండాలి’ అనే తర్కం ఇక్కడ పనిచేయదు. ఆ ‘గురించి’ అనే అర్థం ‘డిస్కస్’ అనే మాట లోపలే ఉంది.

‘ఎంఫసైజ్’తో ఎందుకొచ్చిన గొడవ అని కొందరు దాన్ని ‘స్ట్రెస్’గా మారుస్తారు. ‘ఆన్’ అక్కడికీ వెంట వస్తుంది, ‘రీసెర్చర్స్ స్ట్రెస్ ఆన్ స్లీప్’ అయిపోతుంది. క్రియగా ‘స్ట్రెస్’ కూడా సకర్మకమే, కాబట్టి ‘స్ట్రెస్ ద రోల్ ఆఫ్ స్లీప్’. మీ వ్యాసం పరీక్షల ఒత్తిడి మీద కాబట్టి ఆ మాటను క్రియగా వాడకపోవడమే మేలని నా అభిప్రాయం. ‘ఒత్తిడి’ అనే అర్థంలో ఒక వాక్యంలో, ‘నొక్కి చెప్పడం’ అనే అర్థంలో పక్క వాక్యంలో వస్తే చదివేవాళ్ళు ఒక్క క్షణం ఆగిపోతారు.

‘కోప్ అప్ విత్’ కథ వేరు. ఇక్కడ ‘విత్’ న్యాయంగా ఉండాల్సిందే, తప్పంతా ‘అప్’ది. అది కీప్ అప్ విత్, క్యాచ్ అప్ విత్, పుట్ అప్ విత్, కమ్ అప్ విత్ అనే నలుగురి నుంచి వచ్చి చేరింది. వీటిలో ‘పుట్ అప్ విత్’కి భరించడం అనే అర్థం ఉండటంతో ‘కోప్’ కూడా ఆ కుటుంబంలోదే అనిపిస్తుంది. కాదు. ‘కోప్’ పాత ఫ్రెంచిలో ‘దెబ్బ’ అనే మాట నుంచి వచ్చింది. ఇంగ్లీషులో మొదట ఎదుటివాడితో తలపడటం అనే అర్థంలో వాడారు, తర్వాత తలపడి నెగ్గుకురావడం అనే నేటి అర్థం స్థిరపడింది. తలపడటానికి ఎదుటివాడు కావాలి, అందుకే ‘విత్’. ఎదుటిది ఏమిటో ముందే చెప్పేసి ఉంటే ‘విత్’ కూడా అక్కర్లేదు. ‘మెనీ స్టూడెంట్స్ కెనాట్ కోప్’ అని ఆపేయొచ్చు.

అయితే ‘అప్’ కొట్టేసే ముందు మీరు ఏం చెప్పదలచుకున్నారో ఒకసారి ప్రశ్నించుకోండి. పని పెరుగుతున్న వేగాన్ని అందుకోలేక వెనకబడిపోతున్నారని మీ ఉద్దేశమైతే, అసలు కావాల్సింది ‘కీప్ అప్ విత్ ద వర్క్‌లోడ్’. ఆ భారం కింద నలిగి తట్టుకోలేకపోతున్నారని అయితే ‘కోప్ విత్ ద వర్క్‌లోడ్’. ‘అప్’ ఊరికే అంటుకున్నదనుకుంటాం కానీ, చాలాసార్లు రాసేవాళ్ళ మనసులో ఈ రెండు అర్థాలూ కలిసిపోయి ఉంటాయి.

ఇప్పుడు మీరు అడిగిన దారి. అనుమానం వచ్చిన క్రియను కర్మణి వాక్యంలోకి తిప్పండి, ప్రిపొజిషన్ లేకుండా. ‘ద కాజెస్ వర్ డిస్కస్డ్’ అనండి. వాక్యం పూర్తయింది, ఏదో మిగిలిపోయినట్టు లేదు. అంటే ఈ క్రియ కర్మను నేరుగా తీసుకుంటుంది, ‘అబౌట్’ అనవసరం. ‘ద రోల్ ఆఫ్ స్లీప్ వజ్ ఎంఫసైజ్డ్’ కూడా నిలబడింది, కాబట్టి ‘ఆన్’ తీసేయాలి. ‘ఎక్స్‌ట్రా టైమ్ వజ్ రిక్వెస్టెడ్’ నిలబడింది, ‘ఫర్’ తీసేయాలి.

ఇదే పరీక్ష ‘కామెంట్’కి పెట్టండి. ‘ద ఫైండింగ్స్ వర్ కామెంటెడ్’. ఇక్కడ చెవికి తేడా తెలుస్తుంది, వాక్యం సగంలో ఆగిపోయింది. ‘కామెంటెడ్ ఆన్’ అంటేనే పూర్తవుతుంది. అందుకే ‘కామెంట్’ క్రియగా ఉన్నా ‘ఆన్’ ఉండాల్సిందే. ‘ద వర్క్‌లోడ్ వజ్ కోప్డ్’ నిలబడదు, ‘విత్’ కావాలి. డిపెండ్, రిలై, ఫోకస్, ఇన్సిస్ట్, రిఫర్, రిప్లై, రిజల్ట్ ఈ గుంపులోవి. వీటిలో నామవాచకానికీ క్రియకూ ఒకే ప్రిపొజిషన్ ఉండటం తరచు కనిపిస్తుంది: ఎ కామెంట్ ఆన్, టు కామెంట్ ఆన్, ఎ రిప్లై టు, టు రిప్లై టు. భయంతో అన్నీ తీసేసినప్పుడు ముందుగా దెబ్బతినేవి ఇవే. మీకు జరిగింది అదే.

ఈ పరీక్షకు రెండు హద్దులున్నాయి. మొదటిది, ప్రిపొజిషన్ కావాలా వద్దా అన్నదే ఇది చెబుతుంది, ఏది కావాలో చెప్పదు. రెండోది, ల్యాక్, రిజెంబుల్ లాంటి కొన్ని క్రియలు సకర్మకాలే అయినా కర్మణిలోకి తిరగవు. ‘కంట్రోల్ గ్రూప్స్ ఆర్ ల్యాక్డ్’ అని ఎవరూ రాయరు. ఆ వాక్యం నిలబడలేదు కదా అని ‘ద స్టడీస్ ల్యాక్ ఆఫ్ కంట్రోల్ గ్రూప్స్’ అని రాస్తే తప్పవుతుంది. ‘ద స్టడీస్ ల్యాక్ కంట్రోల్ గ్రూప్స్’ అన్నదే సరైనది. ఈ రెండు సందర్భాల్లోనూ నిఘంటువు తెరవాలి.

తెరిచేది నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన నిఘంటువు అయి ఉండాలి, ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్, లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్ లాంటివి. వాటిలో అర్థం కన్నా ముందు చూడాల్సింది క్రియ పక్కన ఉండే చిన్న గుర్తు. `T` లేదా `transitive` అని ఉంటే కర్మ నేరుగా వస్తుంది. `I` లేదా `intransitive` అని ఉంటే కర్మ నేరుగా రాదు. దానికి మరో మాట జోడించాలంటే ఏ ప్రిపొజిషన్ కావాలో అక్కడి ఉదాహరణల్లో ముదురు అక్షరాల్లో చూపిస్తారు. ‘డిస్కస్’ దగ్గర ‘అబౌట్’ వాడొద్దనే హెచ్చరిక కూడా విడిగా ఇస్తారు. ఒక జాగ్రత్త: మీరు చూస్తున్నది క్రియ పేజీయేనా, నామవాచకం పేజీయా అన్నది చూసుకోండి. ‘రిక్వెస్ట్’ అని వెతికితే నామవాచకం ముందు రావచ్చు, అక్కడి ‘ఫర్’ చూసి మళ్ళీ మొదటికే వస్తారు.

ఇక మీ పేరా. మొదటి వాక్యం ‘దిస్ ఎస్సే డిస్కసెస్ ద కాజెస్ ఆఫ్ ఎగ్జామ్ స్ట్రెస్’ అవుతుంది. దీన్నే ‘దిస్ ఎస్సే ఈజ్ ఎ డిస్కషన్ ఆఫ్ ద కాజెస్’ అని నామవాచకంతో రాసినా తప్పు లేదు, కానీ వాక్యం అనవసరంగా బరువెక్కుతుంది. నేనైతే క్రియనే ఉంచుతాను.

రెండో వాక్యానికి రెండు దారులున్నాయి. ‘మెనీ రీసెర్చర్స్ ఎంఫసైజ్ ద రోల్ ఆఫ్ స్లీప్’ ఒకటి, ‘మెనీ రీసెర్చర్స్ ప్లేస్ ఎంఫసిస్ ఆన్ ద రోల్ ఆఫ్ స్లీప్’ ఇంకోటి. రెండూ ఒప్పే, రెంటినీ కలపడమే తప్పు. ఆ పరిశోధకులు ఒక వాదన చేశారనుకుంటే ‘ఎంఫసైజ్ దట్ స్లీప్ మ్యాటర్స్’ అని ‘దట్’తో కూడా రాయొచ్చు. ‘డిస్కస్’కి మాత్రం ఆ వెసులుబాటు లేదు. ‘ద ఆథర్ డిస్కసెస్ దట్ స్లీప్ మ్యాటర్స్’ అని వ్యాసాల్లో తరచు కనిపిస్తుంది, అది తప్పు. ‘డిస్కసెస్ వై స్లీప్ మ్యాటర్స్’, ‘డిస్కసెస్ హౌ స్లీప్ అఫెక్ట్స్ మెమరీ’ అనొచ్చు. ‘దట్’ పెట్టాలని చేయి లాగుతుంటే మీకు కావాల్సిన క్రియ ‘ఆర్గ్యూస్’ కావచ్చు. చర్చించడం వేరు, వాదించడం వేరు, మీ మూల రచయిత ఏం చేశాడో చూసుకుని రాయండి.

మూడో వాక్యం ‘స్టూడెంట్స్ హూ కెనాట్ కోప్ విత్ ద వర్క్‌లోడ్ రిక్వెస్ట్ ఎక్స్‌ట్రా టైమ్’. ‘ఫర్’ అంటే మీకు ఇష్టమనుకోండి, క్రియను మార్చి ‘ఆస్క్ ఫర్ ఎక్స్‌ట్రా టైమ్’ అనండి.

నాలుగో వాక్యమే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది, ఎందుకంటే అక్కడ తప్పు దాక్కుని ఉంది. ‘ద ఫ్యాక్టర్స్ దట్ దీజ్ రీసెర్చర్స్ డిస్కస్ అబౌట్ ఆర్ రిలేటెడ్’. కర్మ అయిన ‘ఫ్యాక్టర్స్’ వాక్యం మొదటికి వెళ్ళిపోయింది, ‘అబౌట్’ ఒంటరిగా చివర మిగిలింది. చదువుతుంటే సహజంగానే ఉన్నట్టుంటుంది, ఎందుకంటే ‘ద ఫ్యాక్టర్స్ దట్ దే టాక్ అబౌట్’ అన్నది సరైన వాక్యం. ఇలాంటి చోట కర్మను తిరిగి దాని స్థానంలోకి తెచ్చి చూడాలి. ‘దే డిస్కస్ ద ఫ్యాక్టర్స్’ అవుతుంది, ‘అబౌట్’కి చోటు లేదు. కాబట్టి ‘ద ఫ్యాక్టర్స్ దట్ దీజ్ రీసెర్చర్స్ డిస్కస్ ఆర్ రిలేటెడ్’. ఇదే పని ‘కోప్’తో చేస్తే ఫలితం తిరగబడుతుంది. ‘దే కోప్ విత్ ద ప్రెజర్స్’ కాబట్టి ‘ద ప్రెజర్స్ దట్ దే కోప్ విత్’ అని చివర ‘విత్’ ఉండి తీరాలి. చివర ప్రిపొజిషన్ మిగిలితే అసహ్యమనుకునేవాళ్ళు దాన్ని తీసేసి ‘ద ప్రెజర్స్ దట్ దే కోప్’ అని రాస్తుంటారు. అది ఒప్పుకోదగ్గది కాదు, కావాలంటే ‘ద ప్రెజర్స్ విత్ విచ్ దే కోప్’ అనండి.

ఐదోది ‘ఐ విల్ కామెంట్ ఆన్ దీజ్ ఫైండింగ్స్’. ఇక్కడ రెండు క్రియలు కలిపి రాయాలనిపిస్తే వరుస చూసుకోండి. ‘డిస్కస్ అండ్ కామెంట్ ఆన్ దీజ్ ఫైండింగ్స్’ సరైనదే, ‘ఆన్’ ఒక్క ‘కామెంట్’దే. ‘కామెంట్ అండ్ డిస్కస్ దీజ్ ఫైండింగ్స్’ అని తిప్పితే ‘కామెంట్’కి దాని ‘ఆన్’ దక్కదు.

ఒక మాట. స్నేహితులతో మాట్లాడేటప్పుడు ఎవరైనా ‘డిస్కస్ అబౌట్’ అంటే ఆపి దిద్దకండి. అర్థం ఎక్కడా చెడదు, మాటల్లో అది ఎన్నో దేశాల్లో నడుస్తోంది. అచ్చుకు వెళ్ళే, మార్కులు పడే వ్యాసంలో మాత్రం సంపాదకులూ పరీక్షకులూ దాన్ని తప్పుగానే చూస్తారు.

రాస్తున్నంతసేపూ వీటి గురించి ఆలోచించడం కూడా వద్దు, ఆలోచన తెగిపోతుంది. వ్యాసం పూర్తయ్యాక ఫైల్లో `Ctrl+F` నొక్కి కింది ముక్కలు ఒక్కొక్కటే వెతకండి.

```
discuss
emphasi
up with
request
comment
```

మొత్తం పదం కాకుండా మొదటి భాగమే ఎందుకంటే, `discuss` అంటే డిస్కస్డ్, డిస్కసింగ్, డిస్కషన్ అన్నీ దొరుకుతాయి. `emphasi` అంటే ఎస్‌తో రాసినా జెడ్‌తో రాసినా, నామవాచకమైనా పట్టుబడుతుంది. కోప్, కోప్డ్, కోపింగ్ దేని వెనక ‘అప్’ చేరినా `up with` దగ్గర తేలుతుంది, ‘కీప్ అప్ విత్’ లాంటి సరైనవీ వస్తాయి, వాటిని వదిలేయండి. దొరికిన ప్రతిచోటా ఇది నామవాచకమా, క్రియా అని మాత్రం అడగండి. నామవాచకమైతే ప్రిపొజిషన్ ఉంచండి, క్రియ అయితే కర్మణిలోకి తిప్పి చూడండి. మీ ప్రొఫెసర్ వేరే మాటల కింద గీతలు పెడితే వాటిని ఈ వరుసలో చేర్చుకోండి. మీ తప్పులు మీవే కాబట్టి ఈ వరుస పొట్టిగానే ఉంటుంది.

వెతికేటప్పుడు ‘రీప్లేస్ ఆల్’ మాత్రం నొక్కకండి. ‘ద కమిటీ డిస్కస్డ్ అబౌట్ 20 కేసెస్’ అనే వాక్యంలో ‘అబౌట్’ అంటే సుమారు, అది ఉండాలి. ‘దిస్ వజ్ ఎంఫసైజ్డ్ ఆన్ టూ అకేజన్స్’ అన్నప్పుడు ఆ ‘ఆన్’ రెండు సందర్భాల్లో అన్న మాటకు చెందినది, క్రియకు కాదు. ఇలాంటివి కంటితో చూసి వదిలేయాల్సిందే.